రెండు గంటలకోసారి దిగే మనిషి

వీడియోలో కనిపించాక ఆ క్రేను ఆపరేటరుకి తలతిరిగిందనీ, తనో హీరోననుకుని దోస్తుని కేబిన్లో కూర్చోబెట్టి టీ తాగడానికి దిగిపోయాడనీ, అందుకే క్రేను పోగొట్టుకున్నాడనీ మా కంపెనీ క్వార్టర్స్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పేవాళ్లలో సగం మంది అప్పటికి ఉద్యోగంలో చేరనేలేదు. మిగతా సగం మంది ఆ రోజు షెడ్డులో మా పక్కనే నిలబడి ఉన్నారు. నాకు ఒళ్లు మండేది వీళ్లని చూస్తేనే. అతను ఎవర్నీ కూర్చోబెట్టలేదు. టీ కోసం దిగలేదు. దిగుతాడని కాగితం మీద రాసింది నేను. ఆ కాగితం మీద సంతకం పెట్టింది మా మేనేజరు. అతని సీట్లో ఇంకొకణ్ణి కూర్చోబెట్టింది ఫోర్‌మన్. ఇన్ని చేతులు పడితే, చివరికి శిక్ష పడింది మాత్రం దిగినవాడికి.

ఇది ఎనభైల చివరి మాట. పోర్టులో దిగిన పాత ఇనుమును కరిగించి కడ్డీలు తీసే కంపెనీ మాది. పెద్దదేమీ కాదు. ఊరికి దక్షిణాన భారీ ఉక్కు కర్మాగారం లేస్తున్న రోజులవి. క్రేను నడపడం వచ్చిన ప్రతివాడి చూపూ అటే. పేపర్లో ప్రకటన వేస్తే మా దగ్గరికి వచ్చేవాళ్లు వచ్చేవారు, షెడ్డు కప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ కదిలే క్రేనుకేసి తలెత్తి చూసేవారు, కొన్నాళ్లు చేసి చెప్పాపెట్టకుండా మానేసేవారు. నేను పర్సనెల్ డిపార్ట్‌మెంట్‌లో ఉండేదాన్ని. అప్లికేషన్లు చూడటం, ఇంటర్వ్యూలకి పిలవడం, మానేసినవాడి చోటు కోసం మళ్లీ ప్రకటన రాయడం నా పని. ఆ ఆఫీసు మొత్తానికి ఎం.ఏ. చదివిన ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఆ సంగతి వాళ్లు మరిచిపోవాలని చూసినా నేను మరిచిపోనిచ్చేదాన్ని కాదు.

ఒకరోజు మా పర్సనెల్ మేనేజరు నన్ను పిలిచారు. కృష్ణాజిల్లా మనిషి. మెత్తగా మాట్లాడతారు, మాట్లాడుతున్నంతసేపూ కళ్లజోడు తుడుచుకుంటూ ఉంటారు. అంతకుముందు వారమే ఎవరిదో పెళ్లి వీడియో చూసొచ్చారట.

"పెళ్లికి వీడియో తీస్తున్నప్పుడు ఉద్యోగానికి తీస్తే ఏమమ్మా? ఐటీఐల్లో, పంచాయతీ ఆఫీసుల్లో టీవీ పెట్టి చూపిద్దాం" అని ఒక టైపు కాగితం ఇచ్చారు. అది క్రేను ఆపరేటరు జాబ్ డిస్క్రిప్షన్. ఎప్పుడో ఎవరో టైపు చేయించి ఫైలులో పెట్టిన ఇంగ్లీషు కాగితం. "దీన్ని తెలుగు చేసి ఇవ్వండి. మంచి గొంతున్నవాడి చేత చదివిద్దాం. తెర మీద మన గేటు, పొగగొట్టం, ఆఫీసు బిల్డింగు చూపిస్తే సరిపోతుంది."

"సరిపోదు సార్" అన్నాను.

"ఎందుకని?"

"ఇది ఉద్యోగం ఇచ్చేవాడి కోసం రాసింది. ఉద్యోగానికి వచ్చేవాడి కోసం కాదు. 'ఆపరేటరు పర్యవేక్షకుల ఆదేశాలకు లోబడి బరువులను సురక్షితముగా తరలించవలెను' అని ఒకడు చదువుతుంటే, పొగగొట్టం చూస్తూ ఎవడు కూర్చుంటాడు? నన్నే కూర్చోమంటే లేచిపోతాను."

"మరేం చేద్దామంటారు?"

"వాడికి కావలసింది ఒక్కటే సార్. ఇందులో చేరితే పొద్దున్నించి సాయంత్రం దాకా నా రోజు ఎలా గడుస్తుంది? అది చూపించాలి. 'ఆపరేటరు' అనకూడదు, 'మీరు' అనాలి."

"కూలీనాలీ పిల్లలు కదమ్మా, 'మీరు' అంటే కాస్త ఎక్కువేమో. 'నువ్వు' అందాం."

"పిలుస్తున్నది మనం సార్. రమ్మని పిలిచేటప్పుడు 'మీరు' అనకపోతే వచ్చాక ఎలాగూ అనం."

ఆయన కళ్లజోడు తుడుచుకుని "సరే, మీ ఇష్టం" అన్నారు. 'మీ ఇష్టం' అని ఆయన అన్న ప్రతిసారీ తర్వాత అది నా తప్పయ్యేది. అప్పటికి నాకింకా అంత తెలివి రాలేదు.

రాయడానికి కూర్చున్నాను. కాగితం మధ్యలో నిలువుగా గీత గీసి ఎడమవైపు తెర మీద కనిపించేది, కుడివైపు వినిపించేది రాసుకున్నాను. జాబ్ డిస్క్రిప్షన్‌లో ఉన్నవన్నీ వీడియోలో పెట్టకూడదని నాకు త్వరగానే తెలిసొచ్చింది. చదువు ఎంత ఉండాలి, వయసు ఎంత, జీతం ఏ స్కేలు అనేవి ఆఖర్న ఒక అట్ట మీద రాసి చూపిస్తే చాలు. మిగిలినవాటిలో ఒక మనిషి చేత చేయించి చూపగలిగినవే ఉంచాను. 'పరికరముల పనితీరును విధి ప్రారంభమునకు ముందు పరిశీలించవలెను' అన్నదాన్ని ఇలా మార్చాను: "మీరు ఎక్కగానే ముందు హారన్ కొట్టి చూస్తారు. ఒక బరువును జానెడు ఎత్తి ఆపుతారు. బ్రేకు పట్టిందా? ఇక మీ రోజు మొదలు." ఆదేశాలకు లోబడుట అన్నది ఇలా అయింది: "కింద ఉన్న సిగ్నల్‌మాన్ చెయ్యే మీకు మాట. అతని చెయ్యి లేస్తే బరువు లేస్తుంది. కానీ ఆగమని ఎవరు చెయ్యి చూపినా, ఊడ్చేవాళ్లు చూపినా, మీరు ఆపుతారు." రాసింది గట్టిగా చదువుకుని చూసేదాన్ని. బొమ్మే చెబుతున్న చోట మాట కొట్టేసేదాన్ని. మా ఆయన పక్కగదిలోంచి "ఎవరితో పోట్లాడుతున్నావు?" అని అడిగేవారు.

ఆ కాగితంలో ఒక అంశం ఉంది. 'ఆపరేటరుకు ప్రతి రెండు గంటలకు రిలీఫ్ ఆపరేటరు ద్వారా విశ్రాంతి కల్పించబడును.' అది చదివి ఎగిరి గంతేశాను. ఎందుకంటే మానేసి వెళ్లినవాళ్లని అడిగితే అందరూ తలా ఒకరకంగా చెప్పేది ఒక్క సంగతే. పైన ఒంటరిగా ఉండలేం అని. ఆ భయానికి జవాబు ఇదిగో, కంపెనీ కాగితంలోనే ఉంది! వీడియో మధ్యలో అదే పెట్టాను. ఎడమవైపు: రిలీఫ్ ఆపరేటరు నిచ్చెన ఎక్కుతాడు, మన మనిషి దిగుతాడు, కుళాయి దగ్గర మొహం కడుక్కుంటాడు, నీళ్లు తాగుతాడు, పైన రిలీఫ్ ఆపరేటరు సీట్లో కూర్చుంటాడు, క్రేను కదులుతుంది. కుడివైపు: "రెండు గంటలకోసారి మీ చోటికి మీలాంటివాడే వస్తాడు. మీరు దిగుతారు." అంతే. మేనేజరు చదివి, ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టారు.

తెర మీద కనిపించే ఆపరేటరుగా ఎవర్ని పెట్టాలన్నదానికి వెతుక్కోనక్కర్లేకపోయింది. సబ్బవరం వైపు రైతు కుటుంబం అతనిది, పదేళ్లకు పైగా ఆ క్రేను మీదే ఉన్నాడు. వినయం అతనికి ఆమడ దూరం. మీసం దువ్వుకోకుండా షిఫ్టుకి రాడు. ఇనప కడ్డీల కట్టను ఎత్తి దించితే చప్పుడు కాకూడదని పందెం వేసేవాడు, గెలిచేవాడు, గెలిచినట్టు ఊరంతా చెప్పుకునేవాడు. కిందికి తీసుకొచ్చి ఇంకో పని ఇస్తామంటే ఉద్యోగమే మానేస్తానని ఒకసారి ఫోర్‌మన్‌తో పెద్ద గొడవ పెట్టుకున్నాడు. అతనికి ఇల్లూ వాకిలీ, పరువూ, పొగరూ అన్నీ ఆ కేబినే.

తీసే రోజు వచ్చింది. డాబాగార్డెన్స్‌లో స్టూడియో ఉన్న పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు, భుజాన కెమెరా, ఇంకో భుజాన రికార్డరు తగిలించుకుని, కళ్లు మిరుమిట్లు గొలిపే లైటు ఒకటి కుర్రాడి చేత మోయించుకుని వచ్చాడు. పొద్దున క్రేను పనిచేస్తున్నప్పుడు దాని కదలికలన్నీ తీసేశాం. కట్టలు లేవడం, సాగడం, దిగడం. మన మనిషి పైనుంచి ప్రతి షాటుకీ "మల్లీ సేయాలా?" అని అరుస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళ, మిగతా యంత్రాలు ఆపి ఉన్నప్పుడు, మనుషులు దగ్గరగా కనిపించేవి తీద్దామనుకున్నాం.

"రిలీఫ్ ఆయన్ని పిలవండమ్మా, వెలుతురు ఉండగానే లాగించేద్దాం" అన్నాడు ఫోటోగ్రాఫరు.

షెడ్డులో ఎవడో కిసుక్కుమన్నాడు. తర్వాత అందరూ.

నిచ్చెన కింద నిలబడ్డ మన ఆపరేటరు మీసం సవరించుకుంటూ "రిలీవరా? ఓలమ్మో! ఆయనెవురో నాక్కూడా సూపించండి మేడమ్‌గోరూ. దండేసి దణ్ణం పెట్టుకుంతాను" అన్నాడు.

ఫిట్టరు ఒకడు, సముద్రం ఒడ్డు వాడల్లోంచి వచ్చినవాడు, అందుకున్నాడు. "ఊరుకో బావ. పదేళ్ల నుంచి ఎదురుసూత్తన్నావు కదేటి. ఇయ్యాల వత్తాడంట, కాసుకో."

నేను ఫోర్‌మన్ వైపు తిరిగాను. "ఏమండీ, రిలీఫ్ ఆపరేటర్లు లేరా?"

"లేరండి."

"ఎప్పటినుంచి?"

"నాను వచ్చినకాడి నుంచి నేరండి. అంతకుముందు సంగతి నాకు తెల్దు."

"మరి కాగితంలో ఉందిగా?"

"కాగితంలో సానా ఉంతాయి మేడమ్" అన్నాడు, నాకు చదువు చెబుతున్నట్టు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని నిచ్చెన ఎక్కాను. కింద ఎవడో ఈల వేశాడు. దిగాక వాడి సంగతి చూద్దామని గుర్తుపెట్టుకున్నాను కానీ, పైకి వెళ్లాక వాడు గుర్తుకు రాలేదు. కేబిన్ అంటే నలుగురు నిలబడితే నిండిపోయే ఇనప పెట్టె. కింద కొలిమి వేడంతా కప్పు కింద చేరి అక్కడే ఉంటుంది. సీటు ముందు క్రేనుని కదిలించే మూడు పిడులు. సీటు పక్కన మూల ఒక నూనె డబ్బా, మీద రేకు ముక్క మూత.

నా వెనకే ఎక్కొచ్చిన అతన్ని అడిగాను. "ఆ డబ్బా ఏంటయ్యా?"

అతను దాన్ని కాలితో సీటు కిందికి నెట్టాడు.

"అదొగ్గీండి మేడమ్‌గోరూ" అన్నాడు. "అది సినిమాకి పనికిరాదు."

వాసన అప్పుడు తెలిసింది నాకు. చేతిలోని స్క్రిప్టు కాగితాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నీళ్లు తాగవా?"

"తాగితే దిగాల. దిగితే క్రేను ఆగుతాది. క్రేను ఆగితే కిందున్నోలందరూ ఆగుతారు, ఫోర్‌మన్‌గోరు నా మీదకొత్తాడు. అందుకే తాగను. మరీ తప్పకపోతే అదుంది. ఇంటికెల్లాక సెంబుడు తాగుతాను. రాళ్లొచ్చాయని పెద్దాసుపత్రిలో ఓపాలి కోసారు. మల్లీ వత్తాయన్నారు. రానీ."

నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. మా ఆఫీసులో ఆడవాళ్లకి పాయఖానా లేదు. నేనూ, టైపిస్టు అమ్మాయీ పొద్దున కాఫీ తప్ప ఏమీ తాగకుండా సాయంత్రం దాకా గడిపేవాళ్లం. నీళ్లు తాగకుండా ఉండటం ఆడవాళ్ల బాధే అనుకున్నాను అన్నాళ్లూ. నా బల్లకి ఎదురుగా, నెత్తి మీద, ఒక మీసాల మనిషి అదే పని ఇన్నేళ్లుగా చేస్తున్నాడని నాకు ఎవరు చెప్పారు? అతని జాబ్ డిస్క్రిప్షన్ ఉన్న ఫైలు నా బీరువాలోనే ఉంది.

దిగి తిన్నగా మేనేజరు గదికి వెళ్లాను. ఆయన భోజనం డబ్బా విప్పుకుంటున్నారు.

"సార్, రిలీఫ్ ఆపరేటరే లేడు. లేనేలేడు. ఆ సీను ఎలా తీయమంటారు? లేనిది ఉన్నట్టు చూపించి పిల్లల్ని పిలుద్దామా?"

ఆయన తలెత్తలేదు. "జాబ్ డిస్క్రిప్షన్‌లో ఉందా, లేదా?"

"ఉంది."

"అయితే తీయండి."

ఇంకేదో అనబోయాను. ఆయన పెరుగన్నంలో ఆవకాయ కలుపుకోవడం మొదలుపెట్టారు. ఆ మాట ఆయన ఏ ఉద్దేశంతో అన్నారో అప్పుడు నేను ఆలోచించలేదు. కోపంలో ఉన్నాను.

తిరిగి షెడ్డుకి వెళ్లేసరికి ఫోర్‌మన్ సమస్య తీర్చేసి ఉన్నాడు. ఫిట్టరు నెత్తిన హెల్మెట్ పెట్టి, "ఈడే మన రిలీవరు, తీసీండి" అన్నాడు. నేను ససేమిరా అన్నాను. కోసేద్దాం ఆ సీను, అన్నాను. అప్పుడు అడ్డం వచ్చింది ఆపరేటరే.

"తీసీండి మేడమ్‌గోరూ. ఒకపాలైనా షిఫ్టులో దిగి నీళ్లు తాగినట్టు నా పెళ్లాం సూత్తాది."

ఆ మాట విన్నాక కెమెరా పెట్టించాను. తీశాం. ఇది జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత గొడవంతా ఇక్కడే. అప్పటికి కొక్కేనికి బరువేమీ లేదు. అతను పిడులు మూడూ మధ్యకి తెచ్చి, మెయిన్ స్విచ్ తీసేసి, తాళం చెవి జేబులో వేసుకుని దిగాడు. ఫిట్టరు ఎక్కి, చచ్చినట్టు పడి ఉన్న క్రేనులో, పిడుల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. అంతే అతను చేసింది. కింద మన మనిషి కుళాయి దగ్గర మొహం కడుక్కుని, దోసిలి పట్టి నీళ్లు తాగాడు. నటించమంటే ఒక గుక్క తాగితే సరిపోతుంది. అతను కెమెరా ఆపాక కూడా తాగుతూనే ఉన్నాడు.

ఫోటోగ్రాఫరు స్టూడియోలో రెండు వీసీఆర్లు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కావలసిన ముక్కలు ఎక్కించాడు. నేను పక్కనే కూర్చున్నాను. ఫిట్టరు పిడుల మీద చేతులు పెట్టాక బొమ్మ అక్కడే ఆగినట్టుంది. "తర్వాత క్రేను కదలాలి కదమ్మా, మీ కాగితంలో అలాగే ఉంది" అన్నాడు ఫోటోగ్రాఫరు. ఉంది. పొద్దున తీసిన వాటిలోంచి, కడ్డీల కట్టతో క్రేను సాగిపోయే ముక్క ఒకటి తెచ్చి దాని వెనక అతికించాడు. ఫిట్టరు చెయ్యి పిడి మీద పడుతుంది, క్రేను కదులుతుంది. అతుకు ఎక్కడుందో తీసిన నాకే కనిపించలేదు. భలే కుదిరిందే అనుకున్నాను.

ఐటీఐలో, సబ్బవరం పంచాయతీ ఆఫీసులో, భీమిలిలో ఒక స్కూల్లో అద్దె టీవీ పెట్టి చూపించాం. జనం కదలకుండా చూశారు. అప్లికేషన్లు ఎన్నడూ లేనంతగా వచ్చాయి. మేనేజరు నన్ను మెచ్చుకున్నారు. ఇంటర్వ్యూకి హెడ్డాఫీసు నుంచి ఒక పెద్దాయన కూడా వచ్చి కూర్చున్నాడు.

మొదట వచ్చినవాడు భీమిలి కుర్రాడు. జీతం ఇంత అని చెప్పారు, తలూపాడు. షిఫ్టులు చెప్పారు, తలూపాడు. మీరేమైనా అడగాలా అన్నారు, మర్యాదకి.

"రెండు గంటలకోపాలి దిగొచ్చు గదండి. నా బదులు ఎక్కే ఆయన ఎవురండి?"

బోర్డులో కూర్చున్న ఫోర్‌మన్ దగ్గాడు. "సేరినాక సూద్దుంగాని" అన్నాడు.

"ఒకపాలి సూపించండి బాబూ. సూసి ఇప్పుడే సంతకం పెట్టీసి ఎల్తాను."

రెండోవాడూ అదే అడిగాడు. మూడోవాడూ. ఒకడు మరీ తెలివైనవాడు, "నేదంటే నేదని సెప్పీండి సార్, నాను బస్సుకి పోతాను" అన్నాడు. నేను గోడకి ఆనుకుని కూర్చుని నోట్సు రాసుకుంటున్నాను. నా పెన్ను ఆగిపోయింది. నేను వాళ్లకి 'మీరు' అని రాశాను, వాళ్లు నమ్మారు! పేపరు ప్రకటన చూసి వచ్చినవాడు ఒక్కడైనా ఇలా ఎదురడిగిన పాపాన పోలేదు. తెర మీద తనలాంటివాడు దిగి నీళ్లు తాగడం చూసినవాడు, అవి తన నీళ్లని అనుకుని వచ్చాడు. ఎంపికైనవాళ్లలో చాలామంది చేరలేదు.

హెడ్డాఫీసు పెద్దాయన ఇంటర్వ్యూ రోజు సాయంత్రమే టేపు పెట్టించుకుని చూశాడు. ఫిట్టరు మొహం దగ్గర ఆపాడు. ఆపితే బొమ్మ మీద చారలు పడి వణికింది, అయినా మొహం తెలుస్తూనే ఉంది.

"మనకి రిలీఫ్ పోస్టే శాంక్షన్ లేదు. మరి క్రేను నడుపుతున్న ఈ మనిషెవడు?"

ఫోర్‌మన్ నా కళ్ల ముందు, నేను ఊపిరి తీసుకునేలోగా చెప్పాడు. "మన ఫిట్టరండి, నాకు తెలీకుండా జరిగిందండి. ఆపరేటరుకి దోస్తండి. ఆడే ఎక్కించుంతాడు."

నేను కుర్చీలోంచి లేచాను. "అబద్ధం! హెల్మెట్ పెట్టింది మీరు!"

"మేడమ్, మీరు తర్వాత చెప్పండి" అన్నాడు పెద్దాయన. ఆ తర్వాత అన్నది ఎంక్వైరీ దాకా రాలేదు. మర్నాడు ఆపరేటరుకి ఛార్జిషీటు ఇచ్చారు. అనుమతి లేని మనిషికి నడుస్తున్న క్రేను అప్పగించి దిగిపోయాడట. సాక్ష్యం: కంపెనీ వారి వీడియో.

నేను రాసిన స్క్రిప్టు! ఉద్యోగానికి రమ్మని రాసినది, ఉన్నవాణ్ణి పీకడానికి పనికొస్తుందని నాకు కలలో కూడా తట్టలేదు.

స్టూడియోకి పరిగెత్తాను. పొద్దున తీసిన షాట్లూ, మధ్యాహ్నం తీసినవీ వరసగా ఉండే అసలు కాసెట్టు చూపిస్తే ముక్కలు అతికించామని ఎవరికైనా తెలుస్తుంది. ఫోటోగ్రాఫరు వెతికి వెతికి ఒక కాసెట్టు తీసి పెట్టాడు. తెర మీద ఒక పెళ్లికూతురు, పెళ్లికొడుకు నెత్తిన జీలకర్రా బెల్లం పెడుతోంది.

"ఇదేంటండీ?"

"కాసెట్టు ఖరీదు కదమ్మా. మీ పని అయిపోయిందనుకుని దాని మీదే ఈ పెళ్లి తీసేశాను" అన్నాడు, పాపం, చేతులు నలుపుకుంటూ. చివర్లో ఏమైనా మిగిలిందేమోనని ఆ పెళ్లంతా కూర్చుని చూశాను. అప్పగింతల దాకా ఉంది.

ఎంక్వైరీలో ఫిట్టరు చెప్పాడు. "నాను తోల్లేదు బాబూ. కూకున్నాను. నటించాను."

"నటించడమేమిటి? చెయ్యి పెట్టావు, క్రేను కదిలింది, కనిపిస్తోంది కదా?"

"అదే నాకూ ఇసిత్రంగా ఉంది బాబూ."

ఆపరేటరు తాళం చెవి జేబులో వేసుకున్నానని చెప్పాడు. అది వీడియోలో లేదన్నారు. లేకపోవడం నిజమే. 'బొమ్మ నిడివి పెరుగుతోంది' అని నేనే తీయించలేదు. నేను లేచి మొత్తం చెప్పాను. ఏది ముందు తీశాం, ఏది తర్వాత, రెంటినీ ఎలా అతికించాం, ఎందుకు.

"అంటే కంటికి కనిపించేది నిజం కాదంటారు?" అన్నాడు ఎంక్వైరీ ఆఫీసరు.

"కాదు. అది కట్టుకథ అయితే అందులో రిలీఫ్ మనిషీ కట్టుకథే. ఆ కథ మీరు ఊరూరా చూపించారు. నిజమైతే రిలీఫ్ మనిషి ఉన్నట్టే, అప్పుడు ఇతని తప్పేముంది? ఏదో ఒకటి తేల్చండి. రెండూ మీకే కావాలంటే కుదరదు."

"మేడమ్, మీరు సాక్షి. లాయరు కాదు."

"స్క్రిప్టు మీద సంతకం ఉంది. సంతకం పెట్టినవారు ఇక్కడే కూర్చున్నారు. వారిని అడగండి."

గదిలో అందరూ మా మేనేజరు వైపు చూశారు. ఆయన కళ్లజోడు తీసి, రుమాలుతో శ్రద్ధగా తుడిచి, మళ్లీ పెట్టుకుని, "స్క్రిప్టులో రిలీఫ్ ఆపరేటరు అని ఉంది. ఫిట్టరు అని లేదు" అన్నారు. అంతే. 'నేనే తీయమన్నాను' అని రెండు మాటలు. ఆ రెండూ ఆయన నోట్లోంచి రాలేదు.

దయ చూపిస్తున్నామని చెప్పి ఉద్యోగం ఉంచారు. క్రేను తీసేశారు. కింద కొక్కేనికి ఇనప తాళ్లు తగిలించే పనిలో వేశారు. ఫిట్టరుకి మెమో ఇచ్చారు. ఫోర్‌మన్‌కి ఏమీ ఇవ్వలేదు.

ఇంకో రెండు మూడు నెలలకి, చేరమంటే ఎవరూ చేరడం లేదని, హెడ్డాఫీసు రిలీఫ్ పోస్టులు శాంక్షన్ చేసింది. భీమిలి కుర్రాడు మళ్లీ వచ్చాడు, చేరాడు. రెండు గంటలకోసారి నిచ్చెన మీద ఒకడు ఎక్కడం, ఇంకొకడు దిగడం మొదలైంది. కేబిన్‌లో డబ్బా తీసి పారేశారట. ఒకరోజు షెడ్డులో ఆ మార్పిడి చూస్తూ నిలబడ్డాను. పాత ఆపరేటరు కింద తాళ్ల దగ్గర ఉన్నాడు. మీసం దువ్వి లేదు.

"ఎలా ఉన్నావయ్యా?" అన్నాను, ఇంకేం అనాలో తోచక.

"బాగున్నాను మేడమ్‌గోరూ. ఇప్పుడు ఎన్ని నీళ్లయినా తాగొచ్చు. అడ్డేవోడెవుడూ నేడు." పైకి చూడకుండానే కొత్త కుర్రాడికి చెయ్యి ఊపాడు. పైనున్న కట్ట దిగి నేలకి కొట్టుకుంది. అతను మొహం చిట్లించాడు. "సప్పుడు సూడండి" అన్నాడు. "దించడం తెల్దు గుంటడికి."

అతని భార్య ఆ వీడియో చూసిందో లేదో నేను అడగలేదు.

మేనేజరు రిటైరయ్యాక బెజవాడలో ఒక పెళ్లిలో కనబడ్డారు. నన్ను గుర్తుపట్టి ఆప్యాయంగా పలకరించారు. ఆ రోజు ఏ ఉద్దేశంతో తీయమన్నారని తిన్నగా అడిగేశాను. ఆయన నవ్వి, భోజనాలు బాగున్నాయి, ముందు తినండమ్మా, అన్నారు. తిన్నాను. ఆకు ముందు కూర్చున్నంతసేపూ అదే ఆలోచన.

రిలీఫ్ మనిషి లేడని నేను వెళ్లి చెప్పిన మధ్యాహ్నం, 'ఉందా లేదా, అయితే తీయండి' అన్నారే. ఊరూరా చూపించాక హెడ్డాఫీసు చచ్చినట్టు పోస్టులు ఇస్తుందని తెలిసే అన్నారా, లేక అన్నం చల్లారిపోతోందని అన్నారా? తెలిసే అన్నవారైతే, ఎంక్వైరీ గదిలో ఆ మనిషి కోసం నోరు తెరవడానికి ఏం అడ్డొచ్చింది సార్?